ఒకే వ్యాసానికి ఒక టూల్ 88, ఇంకో టూల్ 4: ఏఐ డిటెక్టర్ల స్కోర్లను పోల్చే పద్ధతి

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న మన పిల్లల్లో చాలామందికి ఈ మధ్య ఒకే రకం టెన్షన్. క్లాసుకు రాసిన వ్యాసాన్ని సబ్మిట్ చేసే ముందు, ఎందుకైనా మంచిదని రెండు మూడు ఉచిత ఏఐ డిటెక్టర్లలో పెట్టి చూసుకుంటారు. ఒకటి 88 శాతం ఏఐ అంటుంది, ఇంకొకటి 34 అంటుంది, మూడోది 4 అంటుంది. సొంతంగా రాసుకున్న వ్యాసమే అయినా ఆ 88 చూశాక నిద్ర పట్టదు. ఇక్కడి కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టులు దిద్దే అధ్యాపకులకు ఇదే చిక్కు అవతలి వైపు నుంచి ఎదురవుతుంది. ఏ అంకెను నమ్మి విద్యార్థిని పిలిచి అడగాలి?

దీన్ని ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం. ఒక విద్యార్థిని రాసిన 700 పదాల ఇంగ్లిష్ వ్యాసం ఉంది. దాన్ని మూడు టూల్స్‌లో పెడితే 88, 34, 4 వచ్చాయి. ఈ అంకెలూ, ఇకపై ఆ మూడు టూల్స్ గురించి చెప్పే లెక్కలూ పద్ధతి అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. మీ టూల్స్‌తో చేస్తే మీ అంకెలు వేరుగా వస్తాయి, పద్ధతి మాత్రం మారదు.

ఈ మూడు అంకెలను ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. వాటి సగటు తీయడం ఇంకా పెద్ద తప్పు. ఒక మనిషి ఎత్తు, బరువు, వయసు కూడి మూడుతో భాగించినట్టు ఉంటుంది ఆ 42. ముందు మూడింటినీ ఒకే ప్రశ్నకు జవాబులుగా మార్చుకోవాలి. ఆ ప్రశ్న ఇది: మనిషే రాశాడని మనకు ఖాయంగా తెలిసిన ఇలాంటి వ్యాసాల్లో ఎన్నింటికి ఈ టూల్ ఇంత స్కోరు ఇస్తుంది?

శాతం గుర్తు ఒకటే, దాని అర్థం వేరు

టర్నిటిన్ రిపోర్టులో కనిపించే శాతం వ్యాసంలో ఎంత భాగం ఏఐ రాసినట్టుందో చెప్పే వాటా. 700 పదాల వ్యాసానికి 40 శాతం వస్తే, సుమారు 280 పదాల మేర వాక్యాలు ఏఐ రాసినట్టున్నాయని ఆ టూల్ అంచనా. అది కూడా మొత్తం ఫైలు మీద వేసే లెక్క కాదు. పేరాల రూపంలో ఉన్న వచనాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది. బుల్లెట్ జాబితాలు, పట్టికలు, కోడ్ వంటివి పక్కన పెట్టేస్తుంది.

ఒరిజినాలిటీ.ఏఐ చూపించే అంకె అలాంటిది కాదు. అది నమ్మకపు స్థాయి. అక్కడ 40 శాతం ఏఐ అని వస్తే వ్యాసంలో 40 శాతం ఏఐ రాసిందని కాదు. మొత్తం మీద ఇది మనిషి రాసిందేనని 60 శాతం నమ్మకంతో చెబుతోందని అర్థం. జీపీటీజీరోది మూడో దారి. మనిషి రాసింది, ఏఐ రాసింది, రెండూ కలిసింది అనే మూడు వర్గాలకు విడివిడిగా సంభావ్యతలు ఇస్తుంది.

కాబట్టి ఒకే వ్యాసానికి ఒకచోట 88, ఇంకోచోట 34 వచ్చినంత మాత్రాన ఆ రెండు టూల్స్ ఒకదానితో ఒకటి విభేదిస్తున్నాయని చెప్పలేం. చివరి రెండు పేరాలు ఏఐతో రాయించి, మిగతాది సొంతంగా రాసిన వ్యాసం అనుకోండి. వాటా చెప్పే టూల్ 34 అంటుంది, నమ్మకం చెప్పే టూల్ ‘ఇందులో ఏఐ ఉంది’ అని 88 అంటుంది. అప్పుడు రెండూ చెబుతున్నది ఒకటే.

మన దగ్గర ఇంకో గందరగోళం కూడా ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో థీసిస్‌లకు 10 శాతం వరకు పోలిక ఉన్నా శిక్ష లేదని ఉంది కదా, దాన్ని తెచ్చి ఏఐ స్కోరుకు అంటగడుతున్నారు. ఆ 10 శాతం ఇప్పటికే ప్రచురితమైన రాతలతో పదాలు ఎంత కలిశాయో చెప్పే కొలత. కలిసిన వాక్యాన్నీ, అది ఎక్కడిదో ఆ మూలాన్నీ పక్కపక్కన పెట్టి కళ్లారా చూసుకోవచ్చు. ఏఐ స్కోరుకు అలాంటి మూలం ఉండదు, అది పూర్తిగా అంచనా. ఒకే కంపెనీ రెండు రిపోర్టులూ ఇవ్వడం వల్ల ఈ తేడా మరుగున పడిపోతోంది.

లోపల ఏం జరుగుతుంది

మొదటి తరం డిటెక్టర్లు ఒక సాదా ఆలోచన మీద నడిచాయి. ఒక వాక్యంలో తర్వాత రాబోయే మాటను భాషా మోడల్ ఎంత తేలిగ్గా ఊహించగలదో కొలవడం. దీన్ని పర్‌ప్లెక్సిటీ అంటారు. తేలిగ్గా ఊహించగలిగితే పర్‌ప్లెక్సిటీ తక్కువ, ఏఐ రాసి ఉంటుందన్న అనుమానం ఎక్కువ. 2023 జనవరిలో ప్రిన్స్‌టన్ విద్యార్థి ఎడ్వర్డ్ టియాన్ జీపీటీజీరోను విడుదల చేసినప్పుడు దీనికి బర్స్టినెస్ అనే ఇంకో కొలతను జోడించాడు. వాక్యం నుంచి వాక్యానికి ఈ ఊహ తేడా ఎంత ఎగుడుదిగుడుగా ఉందో అది చెబుతుంది. మనిషి రాతలో ఈ ఎగుడుదిగుడు ఎక్కువ ఉంటుందని లెక్క.

ఇప్పుడు మన బడి ఇంగ్లిష్ వ్యాసాలు గుర్తు తెచ్చుకోండి. ‘టెక్నాలజీ ప్లేస్ ఎ వైటల్ రోల్ ఇన్ అవర్ డైలీ లైఫ్’. ఇందులో ‘వైటల్’ పడగానే ‘రోల్’ వస్తుందని మోడల్‌కే కాదు, పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. పరీక్షల కోసం బట్టీ పట్టి నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా ఇలాంటి సిద్ధంగా ఉన్న అచ్చుల్లోనే నడుస్తుంది. ఆ వాక్యాలను పర్‌ప్లెక్సిటీ మీద ఆధారపడే టూల్ అనుమానించకుండా ఉండలేదు. అమెరికా రాజ్యాంగాన్ని పెడితే ఏఐ రాసిందని 2023లో కొన్ని టూల్స్ తేల్చింది కూడా ఇందుకే. ఆ పాఠాన్ని మోడళ్లు శిక్షణలో ఎన్నోసార్లు చూసేశాయి, అందులో ప్రతి మాటా వాటికి ముందే తెలుసు.

తర్వాత వచ్చిన టూల్స్ ఎక్కువగా క్లాసిఫయర్లు. మనుషుల రాతలు కొన్ని లక్షలు, ఏఐ రాతలు కొన్ని లక్షలు చూపించి తేడా నేర్పిస్తారు. ఇక్కడ ఏ రాతలు చూపించారన్నదే కీలకం. అమెరికన్ బ్లాగులు, వార్తలు ఎక్కువ చూసిన టూల్‌కు గుంటూరు నుంచి వెళ్లిన అమ్మాయి రాసిన ఇంగ్లిష్ కొత్తగా అనిపిస్తుంది. పాత మోడళ్ల రాతలే చూసిన టూల్‌కు ఈ ఏడాది వచ్చిన మోడల్ రాత మనిషిదిలా కనిపిస్తుంది. కంపెనీలు ఈ శిక్షణను మళ్లీ మళ్లీ చేస్తుంటాయి కాబట్టి ఇవాళ 34 చూపించిన టూలే వచ్చే నెల అదే వ్యాసానికి వేరే అంకె చూపించవచ్చు.

దీని మీద గీత ఎక్కడ గీయాలన్న నిర్ణయం ఇంకొకటి ఉంటుంది. అది లెక్కల నిర్ణయం కాదు, కంపెనీ విధానం. తప్పుడు ఆరోపణలు తగ్గించాలనుకుంటే గీతను పైకి జరపాలి, అప్పుడు నిజంగా ఏఐ రాసినవి కొన్ని తప్పించుకుంటాయి. టర్నిటిన్ 2023లో బాహాటంగానే ఈ మాట చెప్పింది. తప్పుడు ఆరోపణలను 1 శాతం లోపు ఉంచడం కోసం ఏఐ రాసిన పాఠంలో సుమారు 15 శాతం దొరక్కపోయినా సరేననుకున్నామంది. 1 నుంచి 19 శాతం మధ్య స్కోర్లలో పొరపాట్లు ఎక్కువని ఇప్పుడు అసలు అంకె బదులు `*%` అని మాత్రమే చూపిస్తోంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్ తెచ్చింది. వాళ్ల సొంత పరీక్షల్లోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐవని పొరబడింది. కచ్చితత్వం తక్కువగా ఉందని జులైలో దాన్ని మూసేశారు.

ఆ 1 శాతం కూడా చిన్నదేం కాదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2022లో టర్నిటిన్‌కు 75,000 వ్యాసాలు పంపింది. అప్పటికే ఈ ఏఐ టూల్ ఉండి ఉంటే, కంపెనీ చెప్పిన 1 శాతం లెక్కనే 750 వ్యాసాల మీద తప్పుడు ముద్ర పడేదని ఆ యూనివర్సిటీ లెక్కగట్టింది. 2023 ఆగస్టులో ఆ టూల్‌ను ఆపేసింది.

ఎక్కువ టూల్స్ వాడితే నిజం తేలుతుందా?

అనుమానం వస్తే ఇంకో టూల్‌లో చూడటం సహజం. కానీ ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. దీనికి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను వాళ్లు ఏడు డిటెక్టర్లలో పెట్టారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలను ఆ టూల్స్ ఏఐవన్నాయి. కనీసం ఒక టూల్ చేతిలోనైనా చిక్కినవి 91లో 89. ఏడింటికి ఏడూ కలిసి ఏఐ అని తేల్చినవి 18.

‘ఏదో ఒక టూల్ పట్టుకుంటే చాలు’ అనుకునే అధ్యాపకుడి చేతిలో ఆ 91 మందిలో ఇద్దరే నిర్దోషులుగా మిగిలేవారు. ఎన్ని టూల్స్ కలిపితే అంత ఎక్కువమంది చిక్కుతారు, ఎందుకంటే ప్రతి టూల్ తన పొరపాట్లను తాను తెచ్చి కలుపుతుంది.

సరే, అన్నీ ఏకగ్రీవంగా చెబితే నమ్మవచ్చా? ఏడు టూల్స్ దేనికదే విడిగా పొరబడుతున్నాయని అనుకుంటే, 0.61ను ఏడుసార్లు గుణించాలి. 0.03 వస్తుంది. 91 వ్యాసాల్లో మూడు మాత్రమే ఏడింటికీ చిక్కాలి. కానీ చిక్కినవి 18. అంటే ఇవి విడివిడిగా పొరబడటం లేదు. సులువుగా ఊహించగలిగే ఇంగ్లిష్ అనే ఒకే కారణానికి అన్నీ ఒకేసారి పొరబడుతున్నాయి. ఇది ఏడుగురు సాక్షులు చెప్పిన మాట కాదు. అదే అధ్యయనంలో ఆ వ్యాసాల్లోని మాటలను చాట్‌జీపీటీతో మెరుగుపరిచి, మాతృభాషగా మాట్లాడేవాళ్లు రాసినట్టు మార్పించారు. తప్పుడు ఆరోపణలు 61 శాతం నుంచి 12 శాతం దగ్గరకు పడిపోయాయి. ఏఐ చెయ్యి పడ్డాక స్కోరు తగ్గిందన్నమాట. అవి 2023 నాటి టూల్స్, ఇప్పటి అంకెలు వేరుగా ఉండవచ్చు. అయినా మన పిల్లల వ్యాసాల విషయంలో ఈ తరహా పొరపాటు ఉందేమోనని ముందుగా చూసుకోవాల్సిందే.

ఇక పని మొదలుపెడదాం.

మెట్టు 1: పాఠాన్ని ఒకే రూపంలో బిగించండి

తేడాల్లో కొంత భాగం ఇక్కడే తొలగిపోతుంది. ఒక టూల్‌కు పీడీఎఫ్ ఇచ్చి, ఇంకోదాంట్లో కాపీ పేస్ట్ చేసి పోల్చకండి. పీడీఎఫ్ నుంచి పాఠం లాగినప్పుడు పేజీ నంబర్లు, హెడర్లు వాక్యాల మధ్యలోకి వచ్చి చేరతాయి, లైను చివర విరిగిన మాటలు రెండు ముక్కలవుతాయి. అవి పర్‌ప్లెక్సిటీని పెంచేస్తాయి.

వ్యాసాన్ని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి సాదా టెక్స్ట్ ఫైలుగా దాచండి. శీర్షిక, పేరు, రోల్ నంబరు, రిఫరెన్సుల జాబితా, ఇతరుల నుంచి తీసుకున్న పొడవైన ఉల్లేఖనాలు తీసేయండి. మిగిలిన పదాలు లెక్కపెట్టి రాసుకోండి. మన 700 పదాల వ్యాసంలో ఇలా 610 మిగిలాయనుకుందాం. అన్ని టూల్స్‌కూ ఈ 610 పదాలే వెళ్లాలి. ఉచిత టూల్స్‌లో అక్షరాల పరిమితి ఉంటుంది. కొన్ని మొదటి భాగాన్నే చదివి, మొత్తం వ్యాసానికి అన్నట్టు స్కోరు చూపిస్తాయి. అలా కత్తిరించే టూల్ ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టండి, లేదా అందరికీ ఆ పరిమితికి సరిపోయే భాగమే ఇవ్వండి. 300 పదాల కన్నా తక్కువ ఉన్న వచనానికి టర్నిటిన్ అసలు స్కోరే ఇవ్వదు. మిగతా టూల్స్ ఇచ్చినా మీరు పట్టించుకోకపోవడం మంచిది.

ఇతరుల వ్యాసాలను ఊరూపేరూ తెలియని ఉచిత సైట్లలో పెట్టే ముందు వాళ్ల అనుమతి అడగండి. పాఠాన్ని దాచుకునే సైట్లు ఉన్నాయి.

మెట్టు 2: ఏ టూల్ ఏం చెబుతోందో రాసుకోండి

ప్రతి టూల్ సహాయ పేజీ తెరిచి, ఆ అంకె వాటానా, నమ్మకమా, వర్గమా అన్నది చదివి ఒక వాక్యంలో రాసుకోండి. తేదీ, స్క్రీన్ మీద కనిపిస్తే వెర్షన్ పేరు కూడా రాయండి. అంకె అర్థం ఎక్కడా చెప్పని టూల్ ఉంటే దాన్ని వదిలేయండి. మన ఉదాహరణలో 88 ఇచ్చిన మొదటి టూల్ చెప్పేది నమ్మకం. 34 ఇచ్చిన రెండోది, 4 ఇచ్చిన మూడోది చెప్పేది వాటా.

ఒక్కో టూల్‌లో అదే పాఠాన్ని రెండుసార్లు పెట్టి చూడండి. ఏమీ మార్చకుండానే అంకె బాగా మారితే, ఆ టూల్‌తో ముందుకు వెళ్లి లాభం లేదు.

మెట్టు 3: జవాబు తెలిసిన వ్యాసాలు పోగుచేయండి

ఓపిక కావాల్సింది ఇక్కడే. చాలామంది దీన్ని వదిలేస్తారు, అందుకే స్కోర్ల మధ్య కొట్టుకుపోతారు.

మనిషే రాశాడని ఖాయంగా తెలిసిన వ్యాసాలు కనీసం 20 కావాలి. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న విడుదలైంది. దానికి ముందు ఈమెయిల్‌లో పంపినవీ, కాలేజీ పోర్టల్‌లో తేదీతో సహా ఉన్నవీ అయితే బాగా నమ్మవచ్చు. పాతవి దొరక్కపోతే ఫోన్లు లేకుండా క్లాసులో కూర్చోబెట్టి రాయించినవి తీసుకోండి. అవి ఏవో వ్యాసాలైతే చాలదు, అనుమానంలో ఉన్న వ్యాసం లాంటివే కావాలి. అదే రకం పని, దాదాపు అంతే పొడవు, అదే నేపథ్యం ఉన్న రచయితలు. తెలుగు మీడియంలో చదివి బీటెక్ చేసిన అమ్మాయి వ్యాసాన్ని ఇంగ్లిష్ పత్రికల సంపాదకీయాలతో పోలిస్తే మళ్లీ మొదటికే వస్తాం. వీలైతే ఆ విద్యార్థిని పాత వ్యాసాలు కూడా రెండు మూడు కలపండి.

మరోవైపు అదే ప్రశ్న ఇచ్చి ఏఐతో రాయించిన వ్యాసాలు 10 సిద్ధం చేసుకోండి. రెండు మూడు వేర్వేరు మోడళ్లతో రాయించండి. వాటిలో సగాన్ని మనిషి చేత కాస్త దిద్దించండి, ఎందుకంటే నిజ జీవితంలో ఎవరూ ఉన్నది ఉన్నట్టు పెట్టరు. అన్నింటినీ మెట్టు 1లో చెప్పినట్టే శుభ్రం చేయండి.

మెట్టు 4: స్కోరును మార్చుకోండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. B, C, D నిలువు వరుసల్లో మూడు టూల్స్. 2 నుంచి 21 వరకు అడ్డ వరుసల్లో మనుషుల వ్యాసాల స్కోర్లు, 22వ వరుసలో అనుమానంలో ఉన్న వ్యాసం స్కోరు, 23 నుంచి 32 వరకు ఏఐ వ్యాసాల స్కోర్లు. ఇప్పుడు మొదటి టూల్ కింద ఈ రెండు సూత్రాలు రాసి, పక్క వరుసలకు లాగండి.

```
=COUNTIF(B2:B21,">="&B22)
=COUNTIF(B23:B32,">="&B22)
```

మొదటిది మనుషుల వ్యాసాల్లో ఎన్నింటికి ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ స్కోరు వచ్చిందో చెబుతుంది. రెండోది ఏఐ వ్యాసాల్లో ఎన్నింటికి వచ్చిందో చెబుతుంది. మన ఉదాహరణలో ఇలా వచ్చిందనుకుందాం.

మొదటి టూల్, స్కోరు 88. మనుషుల వ్యాసాలు 20లో 6, ఏఐ వ్యాసాలు 10లో 9.
రెండో టూల్, స్కోరు 34. మనుషులవి 20లో 1, ఏఐవి 10లో 8.
మూడో టూల్, స్కోరు 4. మనుషులవి 20లో 11, ఏఐవి 10లో 7.

మొదట నిద్ర చెడగొట్టిన 88 ఇప్పుడు ఎలా కనిపిస్తోందో చూడండి. ఈ టూల్ ఇలాంటి రచయితల్లో ప్రతి పదిమందిలో ముగ్గురికి ఏ తప్పూ లేకుండానే 88 ఇస్తోంది. ఏఐ వ్యాసాల్లో 90 శాతానికీ, మనుషుల వాటిలో 30 శాతానికీ వస్తోంది కాబట్టి దాని బలం 90ని 30తో భాగిస్తే వచ్చే 3 రెట్లు. చూడటానికి చిన్నగా ఉన్న 34 బలం 80ని 5తో భాగిస్తే 16 రెట్లు. అంటే ఈ మూడింటిలో పట్టించుకోవాల్సిన అంకె 34. ఇక 4 సంగతి, 70ని 55తో భాగిస్తే 1.3 వస్తుంది. అది ఏమీ చెప్పడం లేదు. ఆ టూల్ చాలా ఏఐ వ్యాసాలకు కూడా తక్కువ స్కోర్లే ఇస్తోంది, కాబట్టి ‘4 వచ్చింది, నేను నిర్దోషిని’ అని విద్యార్థిని చూపించినా దానికి విలువ లేదు.

ఈ మూడు బలాలనూ ఒకదానితో ఒకటి గుణించకండి. స్టాన్‌ఫర్డ్ లెక్కలో చూసినట్టు ఈ టూల్స్ ఒకే కారణానికి కలిసి పొరబడతాయి, గుణిస్తే లేని బలం వస్తుంది. మీరు పోగుచేసిన 30 వ్యాసాల మీద మనుషులనూ ఏఐనీ బాగా వేరుచేసిన టూల్ ఒక్కదాన్నే ప్రధానంగా తీసుకోవడం మేలు.

ఆ 16ను కూడా మరీ గట్టిగా పట్టుకోకూడదు. 20లో ఒకటే చిక్కిందంటే అసలు రేటు 5 శాతమే అని కాదు, అది 20 శాతం దగ్గర ఉన్నా 20 వ్యాసాల్లో ఒకటే చిక్కే అవకాశం ఉంటుంది. 20లో ఒక్కటీ చిక్కకపోయినా సున్నా అనకండి. గణాంకాల్లో మూడు నియమం అని ఒకటుంది. ఒక్కసారీ జరగనప్పుడు 3ను మొత్తం సంఖ్యతో భాగిస్తే, అసలు రేటు ఎంత దాకా ఉండవచ్చో స్థూలంగా తెలుస్తుంది. 20 వ్యాసాలకు 15 శాతం, 100కు 3 శాతం. ఒక డిపార్ట్‌మెంట్ మొత్తం కలిసి పాత వ్యాసాలు వంద పోగుచేయగలిగితే ఈ పనికి అసలైన బలం వస్తుంది.

మెట్టు 5: స్కోరును కదిలించి చూడండి

ఇప్పుడు రెండో టూల్ 34ను వదలకుండా లోపలికి వెళ్దాం. వాటా చెప్పే టూల్స్ ఏ వాక్యాలను అనుమానించాయో రంగు వేసి చూపిస్తాయి. మన వ్యాసంలో రంగు పడింది రెండు చోట్ల అనుకుందాం. క్లౌడ్ కంప్యూటింగ్ అంటే ఏమిటో నిర్వచించే పేరా ఒకటి, ముగింపు పేరా ఒకటి.

ఈ రెండింటికీ వేర్వేరు అర్థాలు. నిర్వచనాన్ని ఎవరు రాసినా దాదాపు ఒకేలా రాస్తారు, అక్కడ రంగు పడితే ఆశ్చర్యం లేదు. ఆ పేరా తీసేసి మిగిలిన పాఠాన్ని మళ్లీ పెట్టండి. స్కోరు 34 నుంచి 12కు పడిపోతే అనుమానమంతా ఆ నిర్వచనం మీదే నిలబడి ఉందని తెలుస్తుంది. నిర్వచనం తీసేసినా 30 దగ్గరే ఉంటే ముగింపు పేరా గురించి అడగాల్సిన అవసరం ఉంది. ఇలా తీసేటప్పుడు మిగిలిన పాఠం 300 పదాలకు తగ్గకుండా చూసుకోండి. రంగు పడిన ఒక్కో వాక్యాన్ని విడిగా తీసి టూల్‌లో పెట్టకండి, అంత చిన్న ముక్క మీద ఏ టూల్ చెప్పినా నమ్మలేం. రంగును వేలెత్తి చూపడానికి కాక, విద్యార్థినితో ఏ పేరా గురించి మాట్లాడాలో తెలుసుకోవడానికి వాడండి.

ముగింపు పేరా గురించి అడిగితే, ‘ఇది గ్రామర్లీలో సరిచేసుకున్నాను’ అనో, ‘ముందు తెలుగులో రాసుకుని అనువదించుకున్నాను’ అనో జవాబు రావచ్చు. ఇప్పటి గ్రామర్ టూల్స్ కామాలు సరిచేయడంతో ఆగవు, వాక్యాలను తిరిగి రాసేస్తాయి. ఒక డిటెక్టర్ దాన్ని ఏఐ అంటుంది, ఇంకోటి మనిషిదే అంటుంది. ఇక్కడ వచ్చే తేడాను ఏ టూలూ తీర్చలేదు, అది కోర్సు నియమాలు తేల్చాల్సిన విషయం. సిలబస్‌లో ఏ సాయం అనుమతించారో ముందు అది చదవాలి.

తెలుగు వ్యాసాల సంగతి

ఇదే పద్ధతిని తెలుగు వ్యాసాలకు వాడవచ్చా అంటే, పైన చెప్పిన మెట్లు దాటే టూల్ ముందు దొరకాలి. టర్నిటిన్ ఏఐ రిపోర్టు ఇంగ్లిష్‌తో మొదలై తర్వాత స్పానిష్, జపనీస్‌లకు విస్తరించింది. తెలుగు పెడితే స్కోరు రాదు. కొన్ని ఉచిత టూల్స్ మాత్రం ఏ లిపి ఇచ్చినా ఏదో ఒక అంకె చూపిస్తాయి. మనుషులు రాసిన 20 తెలుగు వ్యాసాలను పెట్టి చూడండి. అన్నింటికీ ఒకే రకం స్కోరు వస్తే ఆ టూల్‌కు తెలుగు రాదని తేలిపోతుంది.

మెట్టు 6: టూల్ బయటి ఆధారం, ఆపై రాతపూర్వక నోట్

గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీ ఉంటుంది. వర్డ్ ఫైలు వన్‌డ్రైవ్‌లో ఉంటే అక్కడా ఉంటుంది. మూడు రోజుల పాటు పేరాలు పెరుగుతూ, తీసేస్తూ, మళ్లీ రాస్తూ సాగిన చరిత్ర ఉంటే దాని ముందు ఏ స్కోరూ నిలవదు. 600 పదాలు ఒక్క నిమిషంలో వచ్చి పడితే అది అడగాల్సిన విషయమే, అయినా వేరే ఫైలులో రాసి పేస్ట్ చేసి ఉండవచ్చు, ఆ ఫైలు చూపించమనాలి. ఇది విద్యార్థులు ముందు నుంచే చేసుకోవాల్సిన పని. మొదటి డ్రాఫ్ట్ నుంచి ఒకే ఫైలులో రాయండి, పేపర్ మీద వేసుకున్న నోట్స్ ఫొటో తీసి పెట్టుకోండి. మీ యూనివర్సిటీ వాడే టర్నిటిన్ ఏఐ స్కోరు మామూలుగా అధ్యాపకులకే కనిపిస్తుంది. ఉచిత టూల్‌లో సున్నా తెచ్చుకోవడం కోసం బాగున్న వాక్యాలను చెడగొట్టుకున్నా అక్కడ ఏం వస్తుందో మీకు తెలియదు.

చివరికి అధ్యాపకుడు కమిటీకి రాసినా, విద్యార్థిని తన వాదన రాసుకున్నా, ఆ నోట్‌లో ఇవి ఉండాలి. ‘610 పదాల పాఠాన్ని ఫలానా తేదీన మూడు టూల్స్‌లో పరీక్షించాం. ఇదే కోర్సులో 2022కు ముందు రాసిన 20 వ్యాసాలతో పోల్చాం. మొదటి టూల్ ఇచ్చిన 88 స్కోరు ఆ 20లో ఆరింటికి వచ్చింది, కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోలేదు. రెండో టూల్ ఇచ్చిన 34 ఒక వ్యాసానికే వచ్చింది, నిర్వచనం పేరా తీసేస్తే అది 12కు తగ్గింది. మూడో టూల్ ఏఐ వ్యాసాలను వేరుచేయలేకపోయింది. వెర్షన్ హిస్టరీలో మూడు రోజుల రాత కనిపిస్తోంది.’ దీనికి ఆ స్ప్రెడ్‌షీట్, మూడు స్క్రీన్‌షాట్లు, పరీక్షించిన టెక్స్ట్ ఫైలు జత చేయండి. రెండు నెలల తర్వాత అప్పీలు విచారణలో ఎవరైనా అదే వ్యాసాన్ని మళ్లీ పెడితే అప్పటికి టూల్ మారిపోయి వేరే అంకె రావచ్చు. తేదీతో సహా దాచుకున్న ఆ 20 వ్యాసాలను కూడా అదే రోజు మళ్లీ పరీక్షించమని అడిగే హక్కు ఇరువైపుల వాళ్లకూ ఉండాలి.